వేలా, ముఖమా, కార్డా: చిన్న ఆఫీసుకు హాజరు మెషిను ఎంచుకునే పద్ధతి

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఏ దుకాణానికి వెళ్లి హాజరు మెషిను కావాలన్నా మొదట అడిగేది "స్టాఫ్ ఎంతమంది సార్?" అనే. సంఖ్య చెప్పగానే ఒక పెట్టె బల్ల మీదికి వస్తుంది. ఇన్ని వందల ముఖాలు, ఇన్ని వేల వేలిముద్రలు పడతాయని దాని మీద గొప్పగా రాసి ఉంటుంది. పాతిక మంది ఉన్న ఆఫీసుకు ఆ సంఖ్యలతో పనేమీ లేదు. మనకు తేలవలసింది వేరే ఉంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఒకరి వేలు పడకపోతే, ఆ మనిషి హాజరు ఎవరు రాస్తారు, ఏ ఆధారంతో రాస్తారు? దీనికి జవాబు సిద్ధం చేసుకోకుండా ఎంత ఖరీదైన మెషిను తెచ్చినా నెలాఖరున జీతాల దగ్గర తగాదా తప్పదు. అందుకే ఈ మార్గదర్శిలో మూడు పద్ధతులనూ అవి చెడిపోయే తీరును బట్టే తూస్తాను.

మాట గాలిలో ఉండకుండా ఒక ఆఫీసును ఊహించుకుందాం. జార్జ్ టౌన్‌లో విద్యుత్ సామాన్ల పంపిణీ వ్యాపారం. యజమాని కుటుంబం నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడింది. సిబ్బందిలో సగం తెలుగువాళ్లు, సగం తమిళులు. మొత్తం 26 మంది: కౌంటరులో, లెక్కల విభాగంలో కలిపి 14 మంది, వెనక వీధిలోని గోడౌనులో ఏడుగురు, సరుకు చేరవేసే కుర్రాళ్లు ముగ్గురు, శుభ్రం చేసే ఆడవాళ్లు ఇద్దరు. ఇప్పటిదాకా హాజరు పట్టీలో సంతకాలే నడిచాయి.

మొదటి పని: ఏ తగాదా తీర్చడానికి కొంటున్నారో రాసుకోండి

యజమానిని అడిగితే "క్రమశిక్షణ కోసం" అంటారు. ఆ మాటను బట్టి మెషినును ఎంచలేం. గత రెండు మూడు నెలల్లో హాజరు మీద వచ్చిన తగాదాలను గుర్తు చేసుకుని ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టండి. సాధారణంగా అవి మూడు రకాలుగా తేలతాయి. ఆలస్యంగా వచ్చి తొమ్మిదింటికే వచ్చానని రాయడం ఒకటి. రాని మనిషికి బదులు ఇంకొకరు సంతకం పెట్టడం రెండోది. నెలాఖరున పట్టీ చూసి రోజులు లెక్కగట్టడంలో గుమాస్తా పొరబడటం మూడోది.

మొదటిదానికీ మూడోదానికీ నమ్మకమైన గడియారం, దానికి తగిలించిన పట్టీ ఉంటే చాలు. కార్డు మెషిను ఆ రెండు పనులూ చేస్తుంది. మనిషి ఒంటి గుర్తు అవసరమయ్యేది రెండోదానికి ఒక్కదానికే. మన ఊహా ఆఫీసులో బదులు హాజరు ఎక్కడ సాధ్యం? కౌంటరు దగ్గర 14 మంది ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చుంటారు. పక్కవాడు రాలేదన్న సంగతి పావుగంటలో అందరికీ తెలిసిపోతుంది. అది సాధ్యమయ్యేది తెల్లవారుజామున లారీ వచ్చినప్పుడు, పర్యవేక్షకుడు లేని గోడౌనులో. అంటే వేలా, ముఖమా అన్న ప్రశ్న నిజానికి ఏడుగురికి సంబంధించింది. అందరికీ ఒకే మెషిను ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ సంగతి దుకాణంలో మాత్రం చెప్పరు.

రాసుకునే కాగితంలో ఇంకో గడి చేర్చండి: ఎవరి చేతులు ఏ పని చేస్తాయి. చాలామంది అడగకుండా వదిలేసేది ఇదే, తర్వాత ఎక్కువగా ఉపయోగపడేదీ ఇదే.

వేలిముద్ర: ఎవరికి పడదో ముందే చెప్పవచ్చు

వేలి మీద గీతలు ముగిసే చోట్లనూ, రెండుగా చీలే చోట్లనూ మెషిను గుర్తించి, వాటి స్థానాలను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. మరుసటి రోజు వేలు పెట్టినప్పుడు కొత్త అంకెలు పాత అంకెలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి, ఒక హద్దు దాటితే ఒప్పుకుంటుంది. గీతలు అరిగినా, తడిసినా, పూడినా ఆ హద్దు అందదు.

అట్టపెట్టెలు మోసేవాళ్ల వేళ్లు అట్ట రాపిడికి అరుగుతాయి. సబ్బు నీళ్లలో, ఫినాయిల్‌లో పనిచేసేవాళ్ల చర్మం పొరలుగా లేస్తుంది. వయసు పైబడిన వాళ్ల చర్మం పొడిబారి గీతలు పలచబడతాయి. పెళ్లిళ్ల కాలంలో వేలి చివర్ల దాకా గోరింటాకు పెట్టుకున్న వాళ్లకు కొన్ని రోజులు ఇబ్బందే. చెన్నైలో దీనికి చెమట తోడవుతుంది. ఎండలో బండి నడుపుకుంటూ వచ్చి వేలు పెడితే గాజు మీద తడి మరక పడుతుంది, గీతల మధ్య సందులు నీటితో నిండి అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. అదే మనిషి రెండు గంటలు ఏసీలో కూర్చుని వస్తే వేలు పొడిబారి ఇంకో రకంగా పడదు. "నిన్న పడింది, ఇవాళ పడటం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. మెషిను చెడిపోలేదు, అబద్ధమూ లేదు.

ఒక లెక్క వేద్దాం. అసలైన మనిషిని పొరబాటున తిరస్కరించే రేటు ఒక శాతం లోపని మెషిను వివరాల పత్రంలో రాసి ఉందనుకోండి. 26 మంది, రోజుకు రెండుసార్లు, నెలకు 26 పనిదినాలు. మొత్తం 1,352 సార్లు. అందులో ఒక శాతం అంటే పదమూడు తిరస్కరణలు. నెలకు పదమూడే కదా, అందరికీ పంచితే ఒక్కొక్కరికి సగమే వస్తుందనిపిస్తుంది. కానీ అవి అలా పంచినట్టు రావు. ఇరవై నాలుగు మందికి ఒక్కటీ రాకుండా, గోడౌనులో పెద్దాయనకూ, నేల తుడిచే ఆవిడకూ కలిపి పదమూడూ వస్తాయి. ఆఫీసులో అందరికన్నా తక్కువ జీతం, అడిగే గొంతు తక్కువ ఉన్న ఆ ఇద్దరికే జీతంలో కోత పడుతుంది. వేలిముద్ర మీద నాకున్న అభ్యంతరాల్లో దీనిదే మొదటి చోటు.

ఫిర్యాదులు పెరిగితే సర్వీసు మనిషి వచ్చి చేసే తేలిక పని, ఆ హద్దును తగ్గించడం. వెంటనే అందరి వేళ్లూ పడతాయి. కొన్నాళ్లకు మాత్రం ఒకరు వేలు పెడితే ఇంకొకరి పేరు పలికే అవకాశం పెరుగుతుంది. ఉదయం హడావిడిలో తెర మీద పేరు ఎవరూ చదవరు. పట్టీలో దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది: ఒకరి పేరు మీద ఉదయమే పది నిమిషాల తేడాతో రెండు నమోదులుంటాయి, అదే రోజు ఎదురుగా కూర్చుని పనిచేసిన ఇంకొకరికి ఒక్కటీ ఉండదు. ఇలా కనిపిస్తే హద్దును పాత స్థాయికి తెచ్చి, వేలు పడని ఆ ఒకరిద్దరికి ముందు తమ సంఖ్య నొక్కి తర్వాత వేలు పెట్టే పద్ధతి పెట్టండి. అప్పుడు మెషిను అందరితోనూ పోల్చకుండా ఆ ఒక్కరి నమూనాతోనే పోలుస్తుంది.

వేలిముద్రే వాడాలనుకుంటే నమోదు రోజున ఓపిక పట్టాలి. ఒక్కొక్కరివి రెండు చేతుల నుంచీ ఒక్కో వేలు తీసుకోండి. కూరగాయల కత్తి గాటు పడినప్పుడు రెండోది ఆదుకుంటుంది. వేలి కొన కాకుండా మధ్య భాగం గాజుకు ఆనాలి. పొద్దున చేతులు కడుక్కుని వచ్చినప్పుడు ఒక్కసారి తీసి వదిలేయకుండా, పని మధ్యలో మళ్లీ పిలిచి పడుతుందో లేదో చూడండి.

ఇక మోసం సంగతి. జెలటిన్‌తో చేసిన నకిలీ వేలు మెషిన్లను బోల్తా కొట్టించగలదని జపాన్ పరిశోధకులు 2002లోనే చూపించారు. 2013లో బ్రెజిల్‌లో ఒక వైద్యురాలు తోటి డాక్టర్ల సిలికాన్ వేళ్లతో హాజరు వేస్తూ దొరికిపోయింది. మీ గోడౌనులో ఎవరూ ఇంత శ్రమ పడకపోవచ్చు. కానీ వేలిముద్ర ఉంటే బదులు హాజరు అసాధ్యమని ఎవరైనా అమ్మజూపితే ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి.

ముఖం: వెలుతురు ఎటు పడుతుందో ముందు చూడండి

ముఖం చూసే మెషిను చేతుల సమస్యలన్నీ తప్పిస్తుంది. మోత పని చేసేవాళ్లకు, తడి చేతులవాళ్లకు ఇదే హాయి. కాకపోతే దీని కష్టాలు దీనికున్నాయి.

వాటిలో పెద్దది వెలుతురు. చాలా మెషిన్లు మామూలు కెమెరాతోపాటు కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా వాడతాయి. చీకట్లో అవి బాగానే పనిచేస్తాయి. ఎండలో తడబడతాయి, ఎందుకంటే ఎండలోనూ పరారుణ కాంతి దండిగా ఉంటుంది. తూర్పు వాకిలి ఉన్న ఆఫీసులో మెషినును వాకిలికి ఎదురుగా లోపలి గోడకు బిగిస్తే, ఉదయం తొమ్మిదింటికి మనిషి వీపు వెనక సూర్యుడు ఉంటాడు. ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది. అదే మెషిను సాయంత్రం అందరినీ చక్కగా గుర్తిస్తుంది. సర్వీసు మనిషి మధ్యాహ్నం వచ్చి చూసి "బాగానే ఉంది కదా సార్" అని వెళ్లిపోతాడు. వాకిలి పక్క గోడకు బిగిస్తే సగం సమస్య పోతుంది. ఎత్తు కూడా చూసుకోండి. ఆఫీసులో అందరికన్నా పొట్టి, పొడుగు మనుషులిద్దరినీ నిలబెట్టి, ఇద్దరూ వంగకుండా, మునివేళ్ల మీద లేవకుండా పడే చోటే మేకు కొట్టండి.

కవలలు, దగ్గర పోలికలున్న అన్నదమ్ములు, కొత్తగా పెంచిన గడ్డం, మాస్కు ఇవన్నీ తెలిసిన చిక్కులే. ముఖం కప్పుకునే ఆడవాళ్లు ఉంటే నలుగురి మధ్య ముసుగు తీయమనే పరిస్థితి రాకూడదు. వాళ్లకు కార్డు ఇవ్వడమే మర్యాద. ముఖ గుర్తింపు అందరి మీదా ఒకే తీరుగా పనిచేయదన్నది కూడా నిజమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో వెలువరించిన పరీక్షల్లో, చాలా ప్రోగ్రాములు ఒకరిని ఇంకొకరుగా పొరబడే రేటు ప్రాంతాన్ని, వయసును, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతున్నట్టు తేలింది. అందుకని వివరాల పత్రంలోని అంకెను నమ్మకుండా మీ మనుషుల మీదే పరీక్షించాలి.

కొనే ముందు దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయండి. మీ ముఖం నమోదు చేయించి, మీ ఫోనులో మీదే ఒక పెద్ద ఫొటో తెరిచి మెషినుకు చూపించండి. తర్వాత తల అటూ ఇటూ తిప్పుతున్న వీడియో చూపించండి. కాగితం మీద అచ్చు వేసిన ఫొటో కూడా తీసుకెళితే మరీ మంచిది. ఈ మూడింటిలో దేనికి మెషిను సలాం కొట్టినా అది బదులు హాజరును ఆపలేదు. ఆపలేనప్పుడు కార్డు మెషినుకన్నా ఎక్కువ డబ్బు దీనికి పెట్టడానికి కారణమే లేదు.

కార్డు: బలహీనతలన్నీ బయటికే కనిపిస్తాయి

కార్డు మరచిపోతారు, పోగొట్టుకుంటారు, అప్పిస్తారు. లోపాలు ఇవే. మూడూ కంటికి కనిపించేవే, మూడింటికీ మందు చవకే. పోయిన కార్డును రద్దు చేసి కొత్తది ఇవ్వవచ్చు. పోయిన వేలిముద్రను రద్దు చేయలేం. ఈ ఒక్క తేడాయే నా దృష్టిలో కార్డు వైపు త్రాసును మొగ్గేలా చేస్తుంది.

కార్డుల్లో రెండు రకాలు దొరుకుతాయి. 125 కిలోహెర్ట్జ్ రకం దగ్గరికి తీసుకెళ్లగానే తన సంఖ్యను ఎవరడిగినా చెప్పేస్తుంది. చవక పరికరంతో దానికి నకలు తీయవచ్చు. 13.56 మెగాహెర్ట్జ్ రకంలో బాగా అమ్ముడుపోయే మైఫేర్ క్లాసిక్ రహస్య లిపిని నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. డెస్‌ఫైర్ అనే గట్టి రకం ఉంది. అయితే కార్డు ఎంత గట్టిదైనా, చాలా హాజరు మెషిన్లు దాని లోపలి రహస్యాన్ని అడగవు, పైనున్న వరుస సంఖ్యను చదివి ఊరుకుంటాయి. కాబట్టి ఖరీదైన కార్డు కొనే ముందు మీ మెషిను దానిలో ఏం చదువుతుందో అడిగి తెలుసుకోండి. వరుస సంఖ్యే చదివితే ఆ డబ్బు దండగ. హాజరుకు ఈ బలహీనత పెద్ద చిక్కేమీ కాదు. అదే కార్డుతో నగదు గది తలుపు తెరిచే ఏర్పాటు మాత్రం చేయకండి.

అప్పిచ్చుకోవడానికి విరుగుడు, మెషిను ఉండే చోటు. పర్యవేక్షకుడి బల్లకు ఎదురుగా బిగిస్తే రెండు కార్డులు చేతిలో పట్టుకుని ఎవరూ రారు.

వారం రోజుల పరీక్ష

దుకాణదారు తిరిగి తీసుకునే షరతు మీద మెషినును వారం పాటు అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోండి, ఆ వీధిలో కొరత లేదు. పరీక్షకు లెక్కల విభాగం వాళ్లను పిలవకండి, వాళ్ల వేళ్లు ఎక్కడైనా పడతాయి. మీ కాగితంలోని చేతుల గడి చూసి, అందరికన్నా కష్టమైన ఐదుగురిని ఎంచండి.

మన ఆఫీసులో అయితే గోడౌను నుంచి ముగ్గురు, శుభ్రం చేసే ఇద్దరూ. ఒక్కొక్కరు రోజుకు నాలుగు వేళల్లో ప్రయత్నించాలి: రాగానే, సరుకు దింపిన వెంటనే, భోజనం చేసి చేతులు కడుక్కున్నాక, వెళ్లేటప్పుడు. ఐదు రోజులకు ఒక్కొక్కరికి ఇరవై ప్రయత్నాలు. మొదటిసారికే పడితే ఒక గీత, రెండు మూడుసార్లకు పడితే చుక్క, అసలు పడకపోతే సున్నా పెట్టండి. ఎవరికైనా ఇరవైలో రెండు సున్నాలు వస్తే ఆ మనిషికి ఆ పద్ధతి పనికిరాదు. సున్నాలన్నీ ఒకే వేళలో వస్తే తప్పు మనిషిది కాదు, ఆ వేళలోని తడిదో, ఎండదో. అప్పుడు మెషిను చోటు మార్చి మళ్లీ చూడండి.

ఈ ఊహా ఆఫీసుకు నేనిచ్చే సలహా ఇలా ఉంటుంది. కౌంటరు, లెక్కలు, శుభ్రం చేసేవాళ్లు, చేరవేసే కుర్రాళ్లు కలిపి 19 మందికి కార్డు, మెషిను మేనేజరు ఎదుట. గోడౌనులో ఏడుగురికి ముఖం, అదే మెషినులో కార్డు కూడా పనిచేసేలా. వేలిముద్ర ఎవరికీ వద్దు. గోడౌనుకు రాత్రి పర్యవేక్షకుడిని పెట్టుకోగలిగితే అక్కడా కార్డే చాలు.

ఒంటి గుర్తు ఎక్కడికి పోతుంది

"బొమ్మ దాచుకోదు సార్, అంకెలే దాచుకుంటుంది" అని అమ్మేవాళ్లు భరోసా ఇస్తారు. నిజమే, కానీ పూర్తి ధైర్యం ఇచ్చే మాట కాదు. ఆ అంకెల నుంచి వేలిముద్రను పోలిన బొమ్మను తిరిగి తయారు చేయవచ్చని పరిశోధనల్లో నిరూపించారు. 2019లో సుప్రీమా సంస్థకు చెందిన బయోస్టార్ 2 అనే వ్యవస్థలో పది లక్షల మందికి పైగా వేలిముద్రలు రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నట్టు పరిశోధకులు బయటపెట్టారు. 2024లో జెడ్‌కేటెకో మెషిన్లలో 24 భద్రతా లోపాలను కాస్పర్‌స్కీ పరిశోధకులు గుర్తించారు. ఇవి గాలి కబుర్లు కావు.

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. ఆఫీసులో పెట్టే వేలే ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసే వేలు కూడా. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి రబ్బరు నకళ్లు చేసి సిమ్ కార్డులు చెలామణి చేసిన ఉదంతం 2018లో తెలంగాణలో బయటపడింది. ఆధార్, వేలిముద్రలతో డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతి ద్వారా ఖాతాల్లో డబ్బు మాయం చేసిన కేసులు ఆ తర్వాత పలు రాష్ట్రాల్లో వచ్చాయి. ఇలాంటి ఆఫీసుల హాజరు మెషినుకు ఆధార్‌తో లంకె ఉండదు, సిబ్బంది ఆధార్ సంఖ్యను దానిలో ఎక్కించనూ కూడదు. అయినా వేలిముద్ర వాడే ఆఫీసు యజమాని తన మనుషులకు చేయగలిగిన ఒక ఉపకారం ఉంది: ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం ఒకసారి కూర్చోబెట్టి చూపించడం. రేషను కోసమో బ్యాంకు కోసమో అవసరమైనప్పుడు దాన్ని కాసేపు తెరుచుకోవచ్చు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు వేలిముద్ర, ముఖ నమూనాలను సున్నితమైన సమాచారంగా లెక్కించి, సేకరించే ముందు రాతపూర్వక సమ్మతి కావాలన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కొత్త చట్టం ఉద్యోగ అవసరాలకు సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు చూసి కాగితం రాయడం మానేయకండి. భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సమాచారం బయటికి పొక్కితే ఆ చట్టం కింది సమాచార రక్షణ బోర్డుకూ, ప్రతి బాధితుడికీ తెలియజేయాలి. చిన్న ఆఫీసుకు అంత మొత్తం వేస్తారని కాదు, బాధ్యత ఉందని.

సిబ్బందికి ఇచ్చే కాగితం అరపేజీ మించనక్కర లేదు. తెలుగులో, తమిళంలో, ఎవరు ఏది చదవగలిగితే అందులో ఇవ్వండి. నమూనా ఇది:

"హాజరు, పనిగంటల లెక్క కోసం మాత్రమే మీ ముఖ నమూనాను గోడౌను మెషినులో ఉంచుతాము. అది ఆ మెషినులో, ఆఫీసు కంప్యూటరులో తప్ప బయట ఎక్కడా ఉండదు. దాన్ని మేనేజరు ఒక్కరే చూడగలరు. మీకు ఇష్టం లేకపోతే కార్డు ఇస్తాము, అందువల్ల జీతంలో గానీ పనిలో గానీ తేడా ఉండదు. మీరు ఉద్యోగం మానిన ఏడు రోజుల్లో నమూనాను తొలగించి మీకు చెబుతాము."

ఇందులో రెండో వాక్యం నిజం కావాలంటే దుకాణదారును అడగాలి. లెక్కలు క్లౌడులో ఉంటాయా? ఉంటే నమోదు సమయాలే పోతాయా, ముఖ నమూనాలు కూడా పోతాయా? ఏడాది చందా కట్టడం మానేస్తే పాత సమాచారం ఏమవుతుంది? ఈ మూడింటికీ జవాబులు రాతలో తీసుకోండి. ముఖం మెషిన్లలో నమోదైన ప్రతిసారీ ఫొటో తీసి దాచే అమరిక ఒకటి ఉంటుంది. తగాదా వచ్చినప్పుడు పనికొస్తుందని దాన్ని వదిలేస్తారు. ఏడాది తిరిగేసరికి ఎవరు ఏ రోజు ఏ చీర కట్టుకున్నారో తెలిసే ఆల్బమ్ తయారవుతుంది. దాన్ని ఆపేయండి.

బిగించే రోజు

మెషిను గోడకెక్కగానే మొట్టమొదట నిర్వాహకుడిగా ఒకరిని నమోదు చేయండి. చాలా మెషిన్లలో నిర్వాహకుడు లేకపోతే ఎవరైనా మెనూ తెరిచి, కొత్త మనిషిని చేర్చవచ్చు, సమయం మార్చవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును మార్చండి. ఇంటి నుంచి చూసుకోవడానికని రౌటరులో మెషినుకు బయటి దారి తెరవమని యజమాని అడుగుతారు. ఒప్పుకోకండి.

గడియారం సంగతి ఎవరూ పట్టించుకోరు. మెషిను లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, ఆ రోజు హాజరంతా ఆ పాత తేదీలో పడుతుంది. ప్రతి సోమవారం మెషిను సమయాన్ని ఫోనుతో పోల్చి చూసే పని ఒకరికి అప్పగించండి. చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి, దానికే రౌటరును కూడా కలపండి.

తలుపు తాళాన్ని ఇదే మెషినుకు ఉచితంగా కలిపి ఇస్తామని దుకాణంవాళ్లు అంటారు. అయస్కాంత తాళం కరెంటు పోగానే తెరుచుకుంటుంది. అంటే కరెంటు లేని రాత్రి గోడౌను తలుపు తెరిచే ఉంటుంది. యూపీఎస్ పెడితే, మంటలు చెలరేగినా అది పట్టుకునే ఉంటుంది. లోపలి నుంచి మీటతో తెరిచే దారి, అగ్నిప్రమాద హెచ్చరికతో లంకె లేకుండా ఆ పని చేయవద్దు. హాజరును హాజరుగానే ఉంచండి.

పడని రోజుకు నియమం

మెషిను పక్కనే దారంతో కట్టిన ఒక నోటు పుస్తకం వేలాడాలి. పడకపోతే మనిషి సమయం రాసి సంతకం పెడతాడు, ఎదుట ఉన్న ఇంకొకరు సంతకం పెడతారు. మేనేజరు మరుసటి రోజు సాయంత్రంలోగా దాన్ని కంప్యూటరులో ఎక్కించాలి. నెలాఖరు దాకా ఆగితే ఎవరికీ గుర్తుండదు. చేతితో ఎక్కించిన నమోదు పట్టీలో వేరే గుర్తుతో కనిపించాలి. ఆ గుర్తులు ఒకే మనిషికి పదే పదే వస్తుంటే మందలించకండి, పద్ధతి మార్చండి.

జీతాల ముందు పట్టీని ఒకసారి మనిషి కంటితో చూడాలి. మెషిను ఇచ్చే ముడి పట్టీ ఇలా ఉంటుంది:

```
7    2025-11-03 09:02:11
7    2025-11-03 09:02:14
12   2025-11-03 21:55:40
12   2025-11-04 06:10:02
```

ఏడో సంఖ్య మనిషి మూడు సెకన్ల తేడాతో రెండుసార్లు కార్డు చూపించాడు. సాఫ్ట్‌వేరులో సర్దుబాటు లేకపోతే మొదటిది రాకగా, రెండోది పోకగా లెక్కించి ఆ రోజు మూడు సెకన్లే పనిచేశాడంటుంది. రెండు నిమిషాల్లోపు వచ్చే రెండో నమోదును వదిలేయమని అమర్చండి. పన్నెండో సంఖ్య మనిషి రాత్రి లారీ దింపడానికి వచ్చాడు. రోజు అర్ధరాత్రి మారుతుంది కాబట్టి మూడో తేదీన పోక లేదు, నాలుగో తేదీన రాక లేదు. రెండు రోజులూ సగం సెలవు పడుతుంది. నిజానికి అతను ఎనిమిది గంటలకు పైగా చెమటోడ్చాడు. రాత్రి పనివాళ్లకు రోజు మారే సమయాన్ని మధ్యాహ్నం పన్నెండుకు పెట్టే అమరికను వెతకండి. అది లేని సాఫ్ట్‌వేరు గోడౌనుకు పనికిరాదు.

కోతల విషయంలో హద్దు దాటకండి. పనిలో లేని కాలానికి నిష్పత్తిలో మాత్రమే జీతం తగ్గించవచ్చు. మూడుసార్లు పది నిమిషాల ఆలస్యానికి సగం రోజు జీతం కోసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది, ముప్పై నిమిషాలకు సగం రోజు ఏ లెక్కనా నిష్పత్తి కాదు. ఇంకో సంగతి యజమానులకు ముందే చెప్పాలి: ఈ పట్టీ రెండు వైపులా సాక్ష్యమే. తమిళనాడు దుకాణాల, సంస్థల చట్టం 1947 ప్రకారం మామూలు పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. అది దాటితే రెట్టింపు రేటున కూలి ఇవ్వాలి. ఆలస్యాన్ని నిమిషాలతో సహా చూపే మెషిను, సాయంత్రం ఎనిమిదిన్నర దాకా ఉండిపోయిన రోజులనూ నిమిషాలతో సహా చూపిస్తుంది.

మనిషి మానేసినప్పుడు, మెషిను మార్చినప్పుడు

ఉద్యోగం మానిన రోజు కార్డు వెనక్కి తీసుకుంటారు, నమూనా సంగతి మరచిపోతారు. దాన్ని రెండు చోట్ల తీసేయాలి: మెషినులో, ఆఫీసు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరులో. మెషినులో మాత్రమే తీసేస్తే, తర్వాత రెండూ కలిసినప్పుడు కంప్యూటరు ఆ నమూనాను మళ్లీ మెషినులోకి పంపేస్తుంది. పనిగంటల పట్టీ మాత్రం చట్టం కోరినంత కాలం ఉంచుకోవాలి, దానికి ముఖంతో పని లేదు.

పాత మెషినును ఇచ్చి కొత్తది తెచ్చుకునేటప్పుడు మెనూలో మొత్తం సమాచారం చెరిపివేసి, దుకాణానికి తీసుకెళ్లే ముందు నమోదైన ఇద్దరిని పిలిచి దాని ముందు నిలబెట్టండి. పేరు పలికితే చెరగలేదన్నమాట. సర్వీసు మనిషి తన ల్యాప్‌టాప్‌లోకి బ్యాకప్ తీసుకున్న రోజు ఏదైనా ఉంటే, దాన్ని మీ ఎదుటే తీసేయించి, తీసేసినట్టు సర్వీసు రసీదు మీద రాయించుకోండి.